టూర్ అడ్వాన్స్ ఖర్చు కాదు, లెక్క తేలేదాకా అది ఉద్యోగి పేరు మీద బాకీ

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న మెషినరీ కంపెనీ. సర్వీస్ ఇంజనీర్లు టూర్‌కి వెళ్లేముందు క్యాష్ అడ్వాన్స్ ఇస్తాం. ఇచ్చిన రోజే నేను ట్యాలీలో ట్రావెలింగ్ ఖర్చు అని రాసేస్తున్నాను, తర్వాత బిల్లులు తెస్తే ఆ వోచర్‌కే పిన్ చేస్తున్నాను. ఆడిటర్ ఇది తప్పన్నారు. మరి ఎంట్రీలు ఎలా వేయాలి? డబ్బు మిగిలితే, తక్కువైతే ఏం చేయాలి? ఆటోలాంటి బిల్లులేని ఖర్చుల సంగతేంటి? పది వేలు దాటి క్యాష్ ఇవ్వకూడదని కూడా అంటున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

మీ ఆడిటర్ చెప్పింది నిజమేనండి. ఇచ్చిన రోజు ఖర్చు రాయకూడదు, ఆ ఇంజనీర్ పేరు మీద అడ్వాన్స్‌గా రాయాలి. తిరిగొచ్చి బిల్లులిచ్చాక, మేనేజర్ ఒప్పుకున్న మొత్తాన్ని మాత్రమే ఖర్చులోకి తీసుకుని అతని పేరు మీదున్న బాకీలోంచి తగ్గించాలి. మిగిలింది అతను తిరిగి కడితే రసీదు, తక్కువైతే మీరు ఇచ్చి పేమెంట్. ఈ మూడూ అయ్యాక ఆ టూర్‌కి సంబంధించి అతని లెడ్జర్ సున్నాకి రావాలి. సున్నా రాలేదంటే టూర్ ఇంకా ముగియనట్టే, మనిషి ఆఫీసుకొచ్చి పక్క సీట్లో కూర్చున్నా సరే.

నేను ఇరవై రెండేళ్లుగా ఫ్యాక్టరీల అకౌంట్స్‌లో ఉన్నాను, బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో క్యాషియర్‌గా మొదలుపెట్టాను. మీరు చేస్తున్న పనే నేనూ మొదటి రెండేళ్లు చేశాను కాబట్టి అందులో ఏం జరుగుతుందో తెలుసు. 20,000 ఇచ్చి ఖర్చు రాసేస్తారు. మనిషి 14,000 ఖర్చుపెట్టి వస్తాడు. మిగతా ఆరు వేలు తెచ్చిస్తే దాన్ని ఏ ఖాతాలో జమ చేయాలో తోచక, వచ్చే వారం ఇంకొకరికి ఇద్దామని డ్రాయర్‌లో పెడతారు. అక్కడి నుంచి క్యాష్‌బుక్కుకీ పెట్టెలో ఉన్న డబ్బుకీ పొంతన ఉండదు. ఇంకోటి నేను కళ్లారా చూసింది: పుస్తకంలో 20,000 ఖర్చయిపోయిందని ఇంజనీర్‌కి తెలిస్తే, బిల్లులు కూడా ఎలాగోలా 19,800 దాకా పెరిగి వస్తాయి. అతన్ని తప్పుపట్టలేం, తిరిగి ఇవ్వమని పుస్తకం అడగడం లేదు కదా.

ముందు లెడ్జర్లు సరిచేసుకోండి. టూర్లు తిరిగే ప్రతి మనిషికీ విడిగా ఒక లెడ్జర్ తెరవండి, "టూర్ అడ్వాన్స్" అని చివర్లో ఉండేలా. గ్రూపు Loans & Advances (Asset). అందరికీ కలిపి "స్టాఫ్ అడ్వాన్స్" అని ఒకే ఖాతా పెట్టకండి. జీతం అడ్వాన్స్, పండగ అడ్వాన్స్, టూర్ అడ్వాన్స్ ఒకే చోట కలిసిపోతే ఆర్నెల్ల తర్వాత విడదీయడం మీ వల్ల కాదు, నా వల్ల కూడా కాదు. లెడ్జర్‌లో Maintain balances bill-by-bill అన్నదానికి Yes పెట్టి, ప్రతి టూర్‌కీ ఒక నంబర్ ఇవ్వండి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఆ నంబర్‌తో New Ref, సెటిల్ చేసేటప్పుడు అదే నంబర్‌కి Agst Ref. ఎప్పుడైనా On Account అని వదిలేశారంటే ఏ బిల్లు ఏ టూర్‌దో మళ్లీ వెతుక్కోవాల్సిందే.

ఇక అసలు పని ఎలా నడుస్తుందో మా దగ్గర మొన్న నవంబర్‌లో జరిగిన ఒక టూర్‌తో చెబుతాను. 2025 నవంబర్ 10న ఒక ఇంజనీర్ విశాఖపట్నం బయల్దేరాడు. రాత్రి రైలు, 11 పొద్దున్న దిగడం, మూడు రాత్రులు బస, 14 రాత్రి తిరుగు రైలు. అడ్వాన్స్ ఫారంలో ఎక్కడికి, ఎన్ని రోజులు, గదికి ఎంత, భోజనానికి ఎంత, లోకల్ తిరుగుడుకి ఎంత అని అంచనా రాసి మేనేజర్ చేత సంతకం చేయించుకొచ్చాడు. అంచనా పద్దెనిమిది వేల చిల్లర, చేతిలో కొంచెం ఉండాలని 20,000 ఇచ్చాం. క్యాష్ వోచర్ మీద అతని సంతకం తీసుకున్నాం. 5,000 దాటిన నగదు రసీదు కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం. ఇది చాలామంది మర్చిపోతారు, తర్వాత "నేను అంత తీసుకోలేదు" అనే మాట వచ్చినప్పుడు గుర్తొస్తుంది. ట్యాలీలో F5 పేమెంట్ వోచర్: ఇంజనీర్ టూర్ అడ్వాన్స్ డెబిట్ 20,000, క్యాష్ క్రెడిట్ 20,000. ఆ రోజుకి ఇంతే. ఖర్చు ఖాతాని ముట్టుకోలేదు.

17న అతను ఆఫీసుకొచ్చి క్లెయిమ్ ఇచ్చాడు. వెళ్లే టికెట్ మేమే ఆఫీసు నుంచి బుక్ చేశాం కాబట్టి అది క్లెయిమ్‌లో ఉండకూడదు. కంపెనీ నేరుగా కట్టిన టికెట్లు, హోటళ్లు ఉద్యోగి క్లెయిమ్‌లోకి రాకుండా చూడటం మీ మొదటి పని. మోసం చేయాలని కాదు, మెయిల్‌లో టికెట్ కనిపిస్తుంది కాబట్టి ప్రింట్ తీసి జత చేసేస్తారు. ఒకే టికెట్‌కి రెండుసార్లు డబ్బు వెళ్లిన సందర్భాలు నేను కనీసం నాలుగైదు పట్టుకున్నాను.

అతని క్లెయిమ్ ఇలా ఉంది:

- తిరుగు రైలు టికెట్: 1,480
- హోటల్, రోజుకు 1,800 చొప్పున మూడు రాత్రులు 5,400, దాని మీద 5 శాతం జీఎస్టీ 270: మొత్తం 5,670
- భోజన భత్యం, రోజుకు 600 చొప్పున నాలుగు రోజులు: 2,400
- లోకల్ తిరుగుడు, యాప్ క్యాబ్ బిల్లులు 820, బిల్లులేని ఆటోలు 530: మొత్తం 1,350
- అక్కడే కొన్న బేరింగ్, సీల్స్: 3,186
- బట్టల ఇస్త్రీ, ఉతుకుడు: 240

కలిపితే 14,326. మిగిలిన 5,674 కవర్‌లో పెట్టి తెచ్చాడు. మా పాలసీలో వారం లోపు టూర్లకు లాండ్రీ ఇవ్వం, అందుకని మేనేజర్ 240 కొట్టేసి 14,086 పాస్ చేశాడు.

ఇక్కడ ఒక మాట. అతను తెచ్చిన డబ్బు బిల్లులు పాస్ అయ్యేదాకా ఆగకుండా అదే రోజు తీసుకుని రసీదు ఇచ్చేయాలి. బిల్లుల మీద పేచీ వారం నడవచ్చు, చేతిలో మిగిలిన నగదు మీద పేచీ ఏముంటుంది? అందుకే 17నే F6 రిసీట్ వోచర్: క్యాష్ డెబిట్ 5,674, ఇంజనీర్ టూర్ అడ్వాన్స్ క్రెడిట్ 5,674. సాయంత్రం మేనేజర్ సంతకం పెట్టి పంపాక F7 జర్నల్ వోచర్. డెబిట్ వైపు ట్రావెలింగ్ 1,480, లాడ్జింగ్ 5,670, భోజన భత్యం 2,400, లోకల్ కన్వేయన్స్ 1,350, సర్వీస్ స్పేర్స్ 3,186. క్రెడిట్ వైపు ఇంజనీర్ టూర్ అడ్వాన్స్ 14,086. నెరేషన్‌లో టూర్ నంబర్, ఊరు, తేదీలు.

బేరింగులు టూర్‌లో కొన్నాడు కదా అని ట్రావెలింగ్‌లో పడేయకండి. అది కస్టమర్ మెషిన్‌లోకి వెళ్లిన సరుకు. వారంటీలో లేని మెషిన్ అయితే కస్టమర్‌కి బిల్లు వేయాల్సిన సరుకు కూడా. ట్రావెలింగ్‌లో కలిసిపోతే ఎవరికీ గుర్తుండదు, ఆ డబ్బు రాదు. ఇంజనీర్ల క్లెయిముల్లో నేను చూసిన పెద్ద నష్టం దొంగ బిల్లులు కాదు, ఇలా మరుగున పడ్డ స్పేర్లే.

ఇప్పుడు అతని లెడ్జర్ చూడండి. 20,000 డెబిట్, 5,674, 14,086 క్రెడిట్. ఇంకా 240 అతని పేరు మీద నిలిచి ఉంది. ఈ 240 అడగడానికి మొహమాటపడతారు. "పోనీలే సార్, వచ్చే టూర్‌లో చూద్దాం" అంటారు. వద్దు. మర్నాడే తీసుకుని ఇంకో రసీదు వేశాం, 240కి. చిన్న మొత్తమని వదిలేస్తే ఏడాది చివర పదిహేను మంది పేర్ల మీద ఇలాంటి చిల్లరలు కనిపిస్తాయి, వాటిలో ఏవి నిజంగా బాకీయో, ఏవి మీరు రాయడం మర్చిపోయినవో తెలియదు. కంపెనీ భరించాలనుకుంటే మేనేజర్ చేత రాయించుకుని లాండ్రీ ఖర్చుగా రాసేయండి, అదీ సరే. రెండూ చేయకుండా వదిలేయడమే తప్పు.

తక్కువైనప్పుడు ఇంతకంటే తేలిక. ఇంకొకతనికి 12,000 ఇచ్చాం, 13,750 పాస్ అయింది. జర్నల్‌లో ఖర్చులు డెబిట్ 13,750, అతని అడ్వాన్స్ క్రెడిట్ 13,750. ఇప్పుడు లెడ్జర్ 1,750 క్రెడిట్‌లోకి వెళ్లింది, అంటే కంపెనీయే అతనికి బాకీ. F5 పేమెంట్‌లో అతని లెడ్జర్ డెబిట్ చేసి 1,750 ఇచ్చేయడమే. చాలా కంపెనీల్లో కొత్తవాళ్లు ఇక్కడ ఖర్చులకి డెబిట్ 1,750 అని ఇంకోసారి రాసేస్తారు. ఖర్చు రెండుసార్లు పడుతుంది, లెడ్జర్ మాత్రం క్రెడిట్‌లోనే ఉండిపోతుంది. నెలాఖరున ఎవరి టూర్ అడ్వాన్స్ అయినా క్రెడిట్‌లో కనిపిస్తే ముందు ఇదే చూడండి.

ఇచ్చేటప్పుడు, మీ ఉద్యోగి సొంత డబ్బు పెట్టుకున్నాడని గుర్తుంచుకుని త్వరగా ఇవ్వండి. బాకీ ఉన్నవాణ్ని వారంలో తెమ్మని, మనం ఇవ్వాల్సింది మాత్రం నెలన్నర ఆపితే వచ్చేసారి అతను అంచనాలోనే ఐదు వేలు ఎక్కువ రాస్తాడు.

పాత టూర్ తేలకుండా కొత్త అడ్వాన్స్ ఇవ్వకండి. ఈ ఒక్క నియమం ఎందుకంటే, నేను పనిచేసిన ఒక కంపెనీలో సేల్స్ చూసే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. నెలకు మూడు టూర్లు. వచ్చి బ్యాగ్ దించేలోపే మళ్లీ బయల్దేరాలి. "బిల్లులు తర్వాత ఇస్తా, పదిహేను వేలు ఇవ్వు" అనేవారు. డైరెక్టర్‌గారికి దగ్గరి మనిషి, మేం కాదనలేకపోయాం. ఒక టూర్ బిల్లులు ఇంకో టూర్ అడ్వాన్స్‌కి సర్దడం, మిగిలింది ముందుకి జరపడం. ఆయన ఉద్యోగం మానేసే రోజుకి లెడ్జర్‌లో 62,000 నిలిచింది. ఆయన ఇంట్లోంచి ఒక పాలిథిన్ సంచి తెచ్చారు, నిండా బిల్లులు. అందులో సగం పద్నాలుగు నెలల పాతవి, కొన్ని వేడికి తెల్లబడిపోయి కాగితం తప్ప అక్షరం లేదు. కొన్ని మేం అప్పటికే పాస్ చేసిన టూర్లవి. ఆయన దొంగ అని నేను ఇప్పటికీ అనను. నిజంగా ఖర్చుపెట్టే ఉంటారు. కానీ ఏది ఎప్పటిదో ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. చివరికి 62,000లో కొంత కంపెనీ వదులుకుంది, కొంత ఆయన ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పోయింది, ఇద్దరికీ నోరు చేదయింది.

వెంటనే వెళ్లాల్సిన అవసరం నిజంగానే వస్తుంది, అది ఒప్పుకుంటాను. అప్పుడు మేం చేసేది, పాత టూర్ బిల్లులు ఒక కవర్‌లో పెట్టించి, మీద మొత్తం రాయించి, మిగిలిన నగదు లెక్కపెట్టి తీసుకుని రసీదు ఇవ్వడం. పాస్ చేయడం తర్వాత. కొత్త అడ్వాన్స్ కొత్త వోచర్ మీద కొత్త నంబర్‌తో. అతని చేతిలో ఉన్న డబ్బుతోనే వెళ్లిపోతున్నా సరే, తిరిగి ఇచ్చినట్టు ఒకటి, మళ్లీ తీసుకున్నట్టు ఒకటి, రెండు వోచర్లు రాయాలి. ఒకరు మిగిల్చిన డబ్బు ఇంకొకరికి చేతికి చేయి మార్చినా ఇదే పద్ధతి.

ఆటోల సంగతి. బిల్లులేని ఖర్చు ఉండటం తప్పు కాదు, దాన్ని రాయకపోవడం తప్పు. ఒక చిన్న కన్వేయన్స్ షీటు పెట్టండి: తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, ఎంత, కింద సంతకం. "లోకల్ ఆటో 530" అని ఒక్క ముక్కలో రాస్తే ఒప్పుకోకండి. "11వ తేదీ, రైల్వే స్టేషన్ నుంచి హోటల్, 120" అని రాయమనండి. అలా విడివిడిగా రాయాల్సి వచ్చినప్పుడు అంకెలు వాటంతటవే నిజానికి దగ్గరగా వస్తాయి. రోజుకింత అని ఒక పరిమితి కూడా పెట్టుకోండి, మా దగ్గర రోజుకు 200 దాటితే మేనేజర్ పక్కన సంతకం పెట్టాలి. భోజనానికి అయితే బిల్లులు అడగడం మానేసి రోజు భత్యం పెట్టుకోవడం మేలు. ఊరి స్థాయిని బట్టి 500, 600, 800, మీకు తగ్గట్టు. ఇడ్లీ బండి దగ్గర తిన్నవాడిని బిల్లు తెమ్మంటే, బండివాడు ఇవ్వడు, హోటల్‌వాడు ఎంతకైనా ఇస్తాడు. ఆ భత్యం ఆ ఊళ్లో మనిషి తినడానికి నిజంగా అయ్యేదానికి దగ్గరగా ఉండాలి. మరీ ఎక్కువ పెడితే అది జీతంలా కనిపిస్తుంది, ఉద్యోగికి పన్ను ప్రశ్న వస్తుంది.

ఫోన్‌పే, గూగుల్‌పే స్క్రీన్‌షాట్ బిల్లు కాదు. డబ్బు వెళ్లిందని చెబుతుంది, దేనికి వెళ్లిందో చెప్పదు. బిల్లుతో పాటు ఉంటే మంచిది, బిల్లు బదులు అయితే కన్వేయన్స్ షీటులో రాయించండి.

బిల్లులు చూసేటప్పుడు నేను చూసేవి ఎక్కువ లేవు. వరస నంబర్లు మొదట చూస్తాను. ఒకే మెస్ బిల్లులు మూడు రోజులకి 214, 215, 216 అని ఉంటే, ఆ మూడు రోజుల్లో మన ఇంజనీర్ తప్ప ఇంకెవరూ అక్కడ తినలేదన్నమాట! హోటల్ బిల్లులో దిగిన సమయం, రైలు చేరిన సమయం కలుస్తున్నాయా అని చూస్తాను. ఇంకోటి జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. విశాఖ హోటల్ బిల్లు మీద 36తో నంబర్ ఉంటే అడగాల్సిందే. ఒకసారి అలా అడిగితే, మనిషి అసలు హైదరాబాద్ దాటలేదని తేలింది. థర్మల్ కాగితం బిల్లులు మాత్రం వచ్చిన రోజే ఫొటో తీసి టూర్ నంబర్‌తో ఫైల్‌లో పెట్టుకోండి. నాలుగు నెలల్లో తెల్లబడతాయి, అసెస్‌మెంట్ రెండేళ్ల తర్వాత వస్తుంది.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి, పైన హోటల్ 270 పన్నుని ఎందుకు విడిగా ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌లో రాయకుండా లాడ్జింగ్ ఖర్చులో కలిపేశామో చెప్పాలి. హోటల్ గది విషయంలో పన్ను ఆ హోటల్ ఎక్కడుందో ఆ రాష్ట్రానికే చెందుతుంది. విశాఖ హోటల్ వేసేది సీజీఎస్టీ, ఆంధ్రా ఎస్‌జీఎస్టీ. మీకు తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉంటే ఆ క్రెడిట్ మీకు రాదు, బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ ఎంత అందంగా వేయించినా రాదు. అదే వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఉంటే, బిల్లు కంపెనీ పేరు మీద, మీ నంబర్‌తో ఉంటే క్రెడిట్ తీసుకోవచ్చు. అందుకని తెలంగాణ లోపల తిరిగేవాళ్లకి కంపెనీ పేరు, నంబర్ ఉన్న చిన్న కార్డు ఇచ్చి, గదిలో దిగేటప్పుడే చూపించమనండి. ఖాళీ చేసేటప్పుడు అడిగితే బిల్లు అప్పటికే అతని పేరు మీద తయారై ఉంటుంది. రోజుకు 7,500 దాకా గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 5 శాతమే కాబట్టి, దీని కోసం మరీ ప్రాణం పెట్టనక్కర్లేదు కూడా. బేరింగుల బిల్లు ఇంజనీర్ సొంత పేరు మీద తెచ్చాడు, కాబట్టి దాని మీదున్న 486 పన్ను కూడా ఖర్చులోనే పోయింది. భోజనం బిల్లుల మీద క్రెడిట్ మామూలుగా ఎలాగూ లేదు.

ఇక మీ టెన్షన్, పది వేల సంగతి. ఆదాయపు పన్ను 1961 చట్టంలో 40A(3) సెక్షన్ చెప్పేది ఇది: ఒక ఖర్చుకి సంబంధించి ఒక మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చుని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్ మీ ఆడిటర్‌ని అడగండి. ఇప్పుడు ఆలోచించండి. ఇంజనీర్‌కి ఇచ్చిన 20,000 ఖర్చు కాదు, అడ్వాన్స్. ఖర్చు జరిగింది హోటల్‌వాడికి, ఆటోవాడికి, రైల్వేకి, బేరింగ్ షాపుకి, ఏదీ పది వేలు దాటలేదు. కంపెనీ తరఫున ఏజెంటుగా డబ్బు తీసుకుని నగదు చెల్లించాల్సినవాడికి ఇచ్చే డబ్బుకి రూల్స్‌లో మినహాయింపు కూడా ఉంది. కానీ మీరు ఏం చేశారు? ఇచ్చిన రోజే "ట్రావెలింగ్ ఖర్చు 20,000, క్యాష్" అని రాశారు. పుస్తకం చూసినవాడికి అది ఒక మనిషికి ఒకే రోజు ఇచ్చిన 20,000 నగదు ఖర్చు. సమస్య డబ్బు ఇవ్వడంలో లేదు, దాన్ని రాసిన తీరులో ఉంది.

అయినా రెండు చోట్ల జాగ్రత్త పడాలి. హోటల్ బిల్లు ఒకేసారి 10,000 దాటేలా ఉంటే నగదు ఇవ్వొద్దని, యూపీఐతోనో కార్డుతోనో కట్టమని ముందే చెప్పండి. అలాగే సెటిల్‌మెంట్‌లో మీరు ఉద్యోగికి ఇవ్వాల్సింది 10,000 దాటితే బ్యాంకులో వేయండి, పెట్టెలోంచి తీయకండి. నన్నడిగితే పదివేలు దాటిన అడ్వాన్సులన్నీ బ్యాంకు ద్వారానే ఇచ్చేయండి. ఎంట్రీల్లో క్యాష్ అన్నచోట బ్యాంకు వస్తుంది, మిగతాదంతా ఇదే. క్యాష్ నిజంగా కావాల్సింది ఆటోలకి, కూలీలకి, మారుమూల సైట్లకి.

మనిషి రాకపోతే, బిల్లులివ్వకపోతే జీతంలో కోయొచ్చా అని మీరు అడగలేదు గానీ రేపు అడుగుతారు. కోయొచ్చు, అడ్వాన్స్ ఫారంలోనే "తిరిగొచ్చిన 7 రోజుల్లో లెక్క చెప్పకపోతే జీతంలో తగ్గించుకోవడానికి ఒప్పుకుంటున్నాను" అని సంతకం తీసుకుని ఉండాలి. ఒక నెలలో జీతం నుంచి మొత్తం కోతలు సగానికి మించకూడదు, పీఎఫ్ వగైరాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కోసే ముందు ఒక మెయిల్ పంపండి, అంకె, టూర్ నంబర్ చెబుతూ. నా అనుభవంలో పదింటికి తొమ్మిది సార్లు ఆ మెయిల్‌తోనే బిల్లులు వచ్చేస్తాయి, కోయాల్సిన పని రాదు.

మార్చి నెలాఖరు టూర్లు మాత్రం విడిగా చూడాలి. 28న ఇచ్చిన అడ్వాన్స్, ఏప్రిల్ 3న తిరిగొచ్చిన మనిషి. మార్చి 31 దాకా ఉన్న రాత్రులు, భత్యం, టికెట్లు ఆ ఏడాది ఖర్చు, మిగతావి తర్వాతి ఏడాదివి. క్లెయిమ్ ఏప్రిల్‌లో వచ్చినా పుస్తకాలు ముగించే లోపు మార్చి భాగానికి మార్చి 31 తేదీతోనే జర్నల్ వేయండి, మిగతా బాకీ అడ్వాన్స్‌గా బ్యాలెన్స్ షీటులో ఉంటుంది.

చివరగా, మీరు ఇప్పటిదాకా రాసినవి. పాత వోచర్లు తెరిచి మార్చకండి, మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదై ఉండాలి, ఆడిటర్ ఆ మార్పులన్నీ చూస్తారు. బదులుగా ఈ ఏడాది ఇచ్చిన అడ్వాన్సులన్నీ మనిషివారీగా ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరి లెక్క తేలిందో, మిగిలిన డబ్బు ఎవరిది వచ్చిందో క్యాష్‌బుక్ పక్కన పెట్టుకుని చూడండి. లెక్క తేలిపోయి, ఖర్చు రాసినదీ బిల్లులూ కలుస్తున్న టూర్లని అలాగే వదిలేయండి, మరీ అయితే స్పేర్లు ఉంటే ఆ ఒక్క హెడ్డు మార్చండి. తేలనివాటికి మాత్రం ఒక్కో మనిషికీ ఒక జర్నల్: అతని టూర్ అడ్వాన్స్ డెబిట్, ట్రావెలింగ్ ఖర్చు క్రెడిట్, ఇచ్చిన మొత్తం ఎంతో అంత. నెరేషన్‌లో పాత వోచర్ నంబర్ రాయండి. అప్పుడు లెడ్జర్లలో నిజంగా ఎవరి దగ్గర ఎంత ఉందో కనిపిస్తుంది. ఆ జాబితా ప్రింట్ తీసి ముందు మీ క్యాష్ పెట్టెతో సరిచూసుకోండి, డ్రాయర్‌లో రసీదులేని కవర్లు ఏమైనా ఉంటే బయటపడేది అప్పుడే. ఇంజనీర్లకి మెయిల్ ఆ తర్వాతే పంపండి. వాళ్లు ఎప్పుడో తిరిగిచ్చేసిన డబ్బుని మళ్లీ అడిగితే మొహం చూపించలేం.